గాజులో నీళ్ళు కనపడకపోతే

అబద్ధం చెబితే ఏకాంబరం చెవులు ఎర్రబడతాయి. పెళ్ళైన మొదటి వారంలోనే ఈ సంగతి కనిపెట్టింది అతని భార్య మునిలక్ష్మి. అప్పటినుంచి ఆమె మొగుణ్ణి ఏదైనా అడిగితే మొహం వంక చూడదు, చెవుల వంక చూస్తుంది. అలాంటి మనిషి ఎనభై నాలుగో సంవత్సరం ఏప్రిల్లో ఒక పొద్దున, జేబులో ఒక అబద్ధం పెట్టుకుని, చిత్తూరులో బంగారుపాళ్యం బస్సెక్కాడు.

ఆ అబద్ధం అతను పుట్టించింది కాదులెండి. మునిలక్ష్మి అన్న గోవిందయ్య తాలూకాఫీసు ముందు అర్జీలు రాస్తాడు. బంగారుపాళ్యం దగ్గర కొత్తగా కట్టిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర నిప్పు చూసుకోవడానికి ఫైర్‌మన్లు కావాలనీ, బాయిలరు పరీక్షకు కూర్చున్నవాళ్ళను ముందు పిలుస్తారనీ తెలిసి, చెల్లెలి మొగుడి తరఫున అర్జీ తానే రాసి, అతని చేత సంతకం మాత్రం పెట్టించుకుని, తానే పోస్టులో వేసేశాడు. అందులో ఒక వాక్యం ఉంది. 'రెండో తరగతి బాయిలర్ అటెండెంటు పరీక్షకు హాజరైనాను, ఫలితము తెలియవలసియున్నది.'

ఫలితం తెలిసి ఎనిమిది నెలలైంది. ఏకాంబరం తప్పాడు.

"తప్పినానని రాస్తే నిన్ను పిలస్తారా అప్పా?" అన్నాడు గోవిందయ్య, నకలు చేతిలో పెడుతూ. "ముందు లోపలికి పో. మళ్ళా పరీక్ష రాసి పాసైపో. అప్పుడెవురు అడగతారు?"

బయలుదేరేటప్పుడు మునిలక్ష్మి, ట్రంకు పెట్టెలో చీరల కింద దాచిన, పరీక్ష తప్పాడని వచ్చిన హైదరాబాదు ఉత్తరం తీసి, మడత విప్పకుండా అతని చొక్కా జేబులో పెట్టింది. "ఇదీ నీదే కదా, తీసుకోనిపో" అంది. అంతే. దాంతో జేబులో రెండు కాగితాలయ్యాయి. ఒకటి అబద్ధం, ఇంకొకటి నిజం. బస్సులో కూర్చున్నంతసేపూ ఏకాంబరం చెయ్యి ఆ జేబు మీదే ఉంది.

భయం ఎందుకంటే, మిల్లులో పని పోయి అప్పటికి నాలుగు నెలలు. ఊకతో బాయిలరు మండించడం తప్ప ఇంకో పని చేతకాదు. ఉప్పుడు బియ్యం మిల్లులో తొమ్మిదేళ్ళు అదే పని. చుట్టుపక్కల మిల్లులవాళ్ళందరూ ఒకరికొకరు చుట్టాలు, ఒకరు తరిమేసిన మనిషిని ఇంకొకరు పెట్టుకోరు. ఈ ఫ్యాక్టరీ కూడా కాదంటే బెంగుళూరుకు పోయి మూటలు మోయాల్సిందే. మునిలక్ష్మికి అప్పుడు ఆరో నెల.

ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన మేనేజరు మునిరామయ్య. సొంతానికి మామిడి తోటలున్న రైతు, మాటకు ముందే కోపం వచ్చే మనిషి. రెండో ఆయన ఇంజినీరు దొరస్వామి. సన్నగా, నిదానంగా, ముక్కు మీద అద్దాలు జారుతూ ఉంటే పైకి తోసుకుంటూ అర్జీ చదువుతున్నాడు.

"తొమ్మిదేండ్లు చేసుండావే. మంచిదే" అన్నాడు దొరస్వామి. "పరీక్షకు కూర్చున్నావు. ఫలితం రాలేదంటావు. ఎప్పుడు రాసినావప్పా?"

ఏకాంబరం నోరు తెరిచాడు. అంతలోనే చెవులు వేడెక్కడం మొదలైంది. ఇంకాసేపుంటే ఆ గదిలో లైటు అక్కర్లేదేమో అన్నంతగా ఎర్రబడ్డాయి. ఈయనకు నెల చెబితే లెక్కవేసి పట్టేస్తాడు. నెల తప్పు చెబితే ఇంకో అబద్ధం. అది కూడా నిలబడకపోతే మూడోది. ఇన్ని అబద్ధాలు మోయడం కంటే బెంగుళూరు మూటలే తేలిక అనిపించింది అతనికి.

జేబులోంచి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఫలితం వచ్చేసింది సార్. తప్పినాను. అర్జీలో ఉండేది నిజం కాదు."

మునిరామయ్య కుర్చీలో ముందుకు వాలాడు. "ఏంది? అర్జీలోనే అబద్ధం రాసి పంపిచ్చినావా? ఇంగ నిన్ను ఏం నమ్మేది? పో పో, బయట ఇంకా పన్నెండు మంది ఉండారు!"

ఏకాంబరం లేచి నిలబడ్డాడు. రాసింది మా బావ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. రాసింది గోవిందయ్యే కావచ్చు, కింద సంతకం పెట్టింది తనే కదా. తలుపు దగ్గరికి నడవబోయాడు.

"ఉండప్పా" అన్నాడు దొరస్వామి. ఉత్తరం మడత విప్పి చూస్తున్నాడు. "ఏ ప్రశ్న కాడ తప్పినావు?"

ఆ ప్రశ్న అంతవరకూ ఏకాంబరాన్ని ఎవరూ అడగలేదు. తప్పావట కదా అన్నవాళ్ళు చాలామంది. ఎందుకు తప్పావు అన్నవాళ్ళు లేరు.

"గాజులో నీళ్ళు కనపడకపోతే ఏం చేస్తావని అడిగినారు సార్. వెంటనే పంపు తిప్పి నీళ్ళు ఎక్కిస్తానని చెప్పినా."

గాజంటే బాయిలరు పక్కన నిలువుగా ఉండి, లోపల నీళ్ళెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం. దొరస్వామి అద్దాలు తీసేశాడు. "అట్లెందుకు చెప్పినావు?"

"మా మిల్లులో అదే చేస్తాం సార్. మా బోరు నీళ్ళు సవుడు. గాజు కింద సందులో సున్నం పట్టుకుంటాది. లోపల నీళ్ళుంటాయి గానీ గాజులోకి రావు. నాకు పని నేర్పిన గురప్ప తాత ఆ సందు మీద ఒక దెబ్బ కొట్టి, పంపు తిప్పేవాడు. నీళ్ళు కనపడేవి. తొమ్మిదేండ్లూ అట్లే జరిగింది. అందుకే అదే రైటు అనుకున్నా. పరీక్ష పెట్టిన సారు పెన్ను మూసేసి ఒకటే మాటన్నాడు. నిజంగానే నీళ్ళు లేకుండా ఉండి, ఎర్రగా కాలిన గొట్టాల మీద నువ్వు చల్లనీళ్ళు పోస్తే బాయిలరు పగిలి నీతోబాటు పదిమంది పోతారు, తొమ్మిదేండ్లు నువ్వు బతికింది అదృష్టం, పనితనం కాదు, అన్నాడు. హైదరాబాదు నించి రైల్లో వస్తా ఉంటే ఒళ్ళంతా చలి పట్టింది సార్. తప్పినందుకు కాదు. ఎన్నిసార్లు పంపు తిప్పినానో తలుచుకుంటే."

మునిరామయ్య ఏదో అనబోయాడు. దొరస్వామి చెయ్యెత్తి, "తర్వాత?" అన్నాడు.

తర్వాత సంగతే చెప్పకూడదనుకున్నది. కానీ ఒక నిజం బయటికొచ్చాక రెండోది లోపల ఎందుకు?

"తర్వాత డిసెంబరులో ఒకనాడు మళ్ళా గాజు ఖాళీ అయింది. గురప్ప తాత అన్నానికి పోయుండాడు. మా బాయిలరుకు రెండు గాజులు ఉండాల్సింది, ఒకటి పగిలి మూసేసుండారు. ఉన్న గాజుకు పరీక్ష చేసి చూసినా. నీళ్ళ పక్క కొళాయి మర తెరిస్తే ఏమీ రాలేదు. సందు మూసుకోనుంది, లోపల నీళ్ళుండాయో లేవో తెలీదు. పంపు తాకలేదు. ఆవిరి వదల్లేదు. ఊక ఆపి, నిప్పంతా బయటికి లాగేసి, గాలి మూసేసినా. అందర్నీ దూరంగా పొమ్మన్నా."

"మంచి పని చేసినావు. నీళ్ళు లేవా లోపల?"

ఏకాంబరం తల దించుకున్నాడు. "ఉండాయి సార్. చల్లారినాక చూస్తే నిండుగా ఉండాయి. సున్నమే. తొట్లలో వడ్లన్నీ సగం ఉడికి పాడైపోయినాయి. ఒక్క దెబ్బ కొట్టుంటే సరిపోయేది కదరా అన్నాడు తాత. మా ఓనరు ఆ సాయంత్రమే పొమ్మన్నాడు. అందుకే పని పోయింది."

తను చెప్పిందంతా ఏకాంబరానికి ఒక్కసారిగా లెక్కకొచ్చింది. పరీక్ష తప్పినవాడు, అర్జీలో అబద్ధమాడినవాడు, వడ్లు పాడు చేసి తరిమించుకున్నవాడు. తన గురించి తానే ఇంత బాగా చెప్పుకున్న మనిషిని ఎవరైనా పెట్టుకుంటారా?

"ఇదో సూడు" అన్నాడు మునిరామయ్య, గొంతు తగ్గించి. "సీజన్లో మాకు దినామూ లారీలు నిలబడుకోనుంటాయి. బెంగుళూరా మామిడి కాయ మగ్గితే ఒక పూట ఆగదు. నువ్వు ఉత్తపుణ్యానికి నిప్పు లాగేస్తే గుజ్జంతా పులిసిపోతాది. ఆ మాటకేమంటావు?"

ఏకాంబరం ఆలోచించాడు. ఉద్యోగం కావాలంటే ఇక్కడ వంగాలి. లాగను సార్, మిమ్మల్ని అడిగే లాగుతాను అంటే చాలు. మునిలక్ష్మి మొహం కళ్ళ ముందు మెదిలింది. కానీ ఆ మాట అంటే చెవులు మళ్ళీ ఎర్రబడతాయి.

"మళ్ళా లాగేస్తాను సార్" అన్నాడు. "గాజు చూపించకుంటే లాగేస్తాను. కానీ ఆ గతి రాకుండా చూస్తా. పని పోయిననాడే ఒకటి అనుకున్నా, ఇంగెక్కడ చేసినా సరే. పనిలోకి ఎక్కతానే రెండు గాజులూ పరీక్ష చేయనిదే నిప్పు మీద చెయ్యి పెట్టను. సందు మూసుకుంటా ఉంటే ఆ పొద్దే తెలిసిపోతాది. పాసైంటే నాకీ బుద్ధి వచ్చేది కాదు."

దొరస్వామి లేచాడు. "రా, మాటలు చాలు."

బాయిలరు గదికి తీసుకుపోయాడు. మునిరామయ్య కూడా వెనకే వచ్చాడు. పరీక్ష కోసం సన్నగా నిప్పు పెట్టి ఉంచారు. "చేసి సూపించు" అన్నాడు ఇంజినీరు.

ఏకాంబరం నేరుగా మొదటి గాజు దగ్గరికి పోయాడు. గాజులో నీళ్ళు కిందికి వదిలే మర తెరిచాడు. నీళ్ళ పక్క మూసి ఆవిరి వదిలాడు, బుస్సుమంది. నీళ్ళ పక్క తెరిచి ఆవిరి పక్క మూశాడు, నీళ్ళు చిమ్మాయి. రెండూ తెరిచి కింద మర మూశాడు. గాజులోకి నీళ్ళు చటుక్కున ఎక్కాయి. రెండో గాజు దగ్గరా అంతే చేశాడు. ఈసారి నీళ్ళు ఎక్కాయి గానీ మెల్లగా, నసుగుతూ ఎక్కాయి.

"ఇది మూసుకుంటా ఉండాది సార్" అన్నాడు. "ఈడ నీళ్ళు కూడా సవుడేనా?"

దొరస్వామి మునిరామయ్య వంక చూశాడు. మునిరామయ్య గాజు వంక చూశాడు. ఆ బాయిలరు పెట్టి ఇంకా నెల కాలేదు.

ఆఫీసులోకి తిరిగొచ్చాక దొరస్వామి అర్జీ ముందుకు తోసి పెన్ను చేతికిచ్చాడు. "ఆ వాక్యం కొట్టేసి, నిజం రాయి. నీ చేత్తో."

ఏకాంబరం గోవిందయ్య అందమైన అక్షరాల మీద గీత గీసి, పక్కన వంకరటింకరగా 'తప్పినాను' అని రాసి, సంతకం పెట్టాడు. దాని కిందే దొరస్వామి, సర్టిఫికెట్టు ఉన్న అటెండెంటు కింద ఫైర్‌మన్‌గా పెట్టుకోవచ్చని రాశాడు. మళ్ళీ పరీక్షకు పోవడానికి కావాల్సిన అనుభవం కాగితం మిల్లు ఓనరు ఇవ్వకపోతే సీజను చివర తానే ఇస్తానన్నాడు. హైదరాబాదు ఉత్తరం మాత్రం తిరిగి ఇవ్వలేదు. అర్జీకే గుండుసూదితో గుచ్చాడు.

సాయంత్రం గోవిందయ్య బస్టాండులోనే కాచుకుని ఉన్నాడు. "ఏం చెప్పినావు?" అంటే, "తప్పినానని చెప్పినా బావా" అన్నాడు ఏకాంబరం. గోవిందయ్య తల పట్టుకున్నాడు. పని దొరికిందన్న మాట వినడానికి అతనికి ఇంకాస్త సేపు పట్టింది.

మే నెల మొదట్లో ఏకాంబరం పనిలోకి దిగాడు. ఆ షిఫ్టు అటెండెంటు పేరు వెంకటేశ్వర్లు, సర్టిఫికెట్టు అద్దం కట్టించి గోడకు తగిలించుకున్న పెద్దమనిషి. ఆయన దగ్గర తన మాటలకు విలువుండదని ఏకాంబరం భయపడుతూనే వెళ్ళాడు. వెంకటేశ్వర్లు అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"నువ్వేనా ఏకాంబరం? ఇంజినీరు నిన్ననే వచ్చి చెప్పి పోయినాడు. ఈయప్ప నిప్పు లాగేస్తే ఎందుకు లాగినావని ఎవురూ అడగొద్దండి అన్నాడు. మేనేజరు కూడా పక్కనే ఉన్నాడు, సరే అన్నాడు. నేనీడ లేకపోయినా నాకోసం కాచుకోవద్దు, లాగేసెయ్యి."

ఏకాంబరం సరేనని తలూపి, గాజుల దగ్గరికి నడిచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని, మొదటి మర మీద చెయ్యి వేశాడు.