కాంతారావుగారి ఐదు దారులు

గుడివాడ పక్కన మా ఫార్మసీ కాలేజీలో నేను లైబ్రేరియన్‌ని. నా పేరు సరోజ. కాంతారావుగారు అక్కడ ఇరవై రెండేళ్లుగా ఔషధ చట్టాలు చెబుతున్నారు. మనిషి మెత్తన, చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ. ఏటా ఆఖరి సంవత్సరం పిల్లలకు క్లాసులో బోర్డు మీద అయిదు గీతలు గీసి, వాటి మీద ఆసుపత్రి, రెగ్యులేటరీ, క్లినికల్ రీసెర్చ్, కంపెనీ, బోధన అని రాసేవారు. "బి.ఫార్మసీ అంటే మందుల షాపొక్కటే కాదమ్మా" అనేవారు. పక్క గదిలో ఉండే నాకు ఆ మాట కంఠతా వచ్చేసింది. బోర్డు మీద గీసినంత తేలిగ్గా ఉంటే లోకంలో అందరూ ఎక్కడో ఒకచోట తేలేవాళ్లే కదా అని నాకు ఒళ్లు మండేది.

దివ్యశ్రీ మాత్రం ఆ మాట నమ్మింది. నాగాయలంక దగ్గర ఒక పల్లె, చేపల వేటకెళ్లే కుటుంబం. ఇంటర్ నుంచీ, మందుల షాపు నడిపే మేనమామ ధనరాజు ఇంట్లో ఉండి చదువుకుంది. క్లినికల్ ఫార్మసీ పుస్తకం నా దగ్గర నెలల తరబడి రెన్యూ చేయించుకునేది. ఇంకెవరైనా అడిగితే ఇచ్చేదాన్ని కాదు కూడా.

డిగ్రీ అయ్యాక ఆ పిల్ల తొక్కని గడప లేదు. హైదరాబాదులో మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే కంపెనీకి ఇంటర్వ్యూ ఇచ్చింది. చదువు వచ్చింది గానీ ఇంగ్లీషులో గడగడా చెప్పడం రాలేదు. మందుల అనుమతుల కాగితాలు చూసే రెగ్యులేటరీలో ఎం.ఫార్మసీ ఉన్నవాళ్లనే తీసుకుంటామన్నారు. లెక్చరర్ కావాలన్నా ముందు ఆ ఎం.ఫార్మసీయే. పరవాడ మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం వచ్చింది, రాత్రి షిఫ్టులని వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ అన్నం మానేసి కూర్చుంది. మందుల ప్రయోగాలు జరిగే చోట రోగుల అంగీకార పత్రాలు, విజిట్ల వివరాలు చూసే పని అడిగితే అనుభవం కావాలన్నారు. అనుభవం ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

చివరికి ఆసుపత్రి దారి తెరుచుకుంది. చదువుకునేటప్పుడు విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో ట్రైనింగ్ చేసింది. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన, రోజూ వేస్తే ప్రాణం మీదికొచ్చే మెథోట్రెక్సేట్ మాత్రను చీటీలో రోజూ అని రాసి ఉంటే, అందరికంటే ముందు కనిపెట్టింది ఈ పిల్లే. అక్కడి చీఫ్ ఫార్మసిస్టు మాధవీలతగారు అది మర్చిపోలేదు. ఖాళీ రాగానే తానే ఫోను చేసి, సోమవారంలోగా చేరమన్నారు. ఒక షరతు మాత్రం పెట్టారు. ఆసుపత్రి ఫార్మసీ లైసెన్సులో నీ పేరు ఎక్కించాలి, అది వేరే ఏ షాపు మీదా ఉండకూడదు అన్నారు.

ఆ పేరు అప్పటికే ఒక షాపు మీద ఉంది. ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన వారంలోనే, ఊరికే ఉన్న కాగితమే కదా అని, ఆ పిల్లే మేనమామ షాపు దరఖాస్తు మీద సంతకం పెట్టింది. మా పిల్లల్లో సగం మంది చేసే పనే అది. మనిషి ఒకచోట, సర్టిఫికెట్టు మరోచోట. అది తప్పని కాంతారావుగారు ఏటా పాఠం చెప్పేవారు, వాళ్లు ఏటా పరీక్షలో రాసేవారు. మార్కులూ వచ్చేవి.

శుక్రవారం ఆ పిల్లని లైబ్రరీలో కూర్చోబెట్టి చెప్పారు ఆయన. "రాజీనామా ఉత్తరం రాసి షాపుకొకటి, డ్రగ్స్ ఆఫీసుకొకటి పంపు. ఎవరి అనుమతీ అక్కర్లేదమ్మా. నీ పేరు నీది."

"పంపితే షాపు ఏమవుద్ది సార్?"

"వేరే ఫార్మసిస్టుని చూపించాలి. లేకపోతే అమ్మకాలు ఆపేయాలి."

ఆ పిల్ల నా ముందే ఉత్తరం రాసింది, పోస్టు చేయలేదు. "మీరొచ్చి మావయ్యతో చెప్పండి సార్" అంది. ఆయన సరేనన్నారు. ఒక్కరే వెళ్లడానికి ధైర్యం చాలలేదేమో, "మీరూ రండి సరోజగారూ" అన్నారు.

శనివారం పామర్రు మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణించి ఆటో. షాపు చిన్నదే. గోడ మీద లైసెన్సు, పక్కన ఫ్రేములో దివ్యశ్రీ సర్టిఫికెట్టు, దానికి పసుపు, కుంకుమ బొట్టు. లక్ష్మి పటానికీ దానికీ కలిపి ఒకటే దండ వేశారు. తిట్టడానికి సిద్ధమై వెళ్లినదాన్ని, ఆ బొట్టు చూసి గడప బయటే చెప్పులు విప్పేశాను.

ధనరాజు మంచి మనిషి. అదే వచ్చిన చిక్కు. కూల్ డ్రింకులు తెప్పించి, చెప్పిందంతా విన్నాడు.

"నా మేనకోడలు పెద్దాసుపత్రిలో చేస్తే నాకంటే సంతోషించేవాడెవడండీ? మీరొక మనిషిని చూపించండి సారూ, రేపే ఫ్రేము దింపుతా. లేకపోతే షాపు మూసేయాలి. మళ్లీ వేటకెళ్లే వయసా నాది?"

కాంతారావుగారు బయట నిలబడి పాత విద్యార్థులకు ఫోన్లు చేశారు. దివిసీమ వైపు వాళ్లు తొమ్మిది మంది. ముగ్గురు హైదరాబాదులో ఉన్నారు. ఒకమ్మాయి పెళ్లై వెళ్లిపోయింది. మిగతా అయిదుగురి కాగితాలూ అప్పటికే ఏదో ఒక గోడకి వేలాడుతున్నాయి. ఒకడైతే, "మీరు చట్టం చెప్పారు కదా సార్, రెండు చోట్ల పెట్టకూడదని" అన్నాడట. ఆ మాట ఆయన నాకు నవ్వుతూనే చెప్పారు, నవ్వు మాత్రం కళ్ల దాకా రాలేదు.

ఈలోగా ఒక ముసలాయన బీపీ మాత్రల కోసం వచ్చాడు. దివ్యశ్రీ అలవాటుగా కౌంటరు వెనక్కి వెళ్లింది. చీటీ చూసి, నొప్పి బిళ్లలు కూడా వేసుకుంటున్నావా తాతా అని అడిగింది. అవునన్నాడు. "అవి బీపీ పెంచుతాయి, కిడ్నీలకీ మంచిది కాదు, డాక్టర్‌గారికి చెప్పకుండా వేసుకోకు" అని రెండుసార్లు చెప్పింది. ధనరాజు ఆమెనే చూస్తున్నాడు.

"చూశారా సారూ" అన్నాడు మెల్లగా. "పోనీ మీ సర్టిఫికెట్టు ఇవ్వండి. మా పిల్లని పంపించేస్తా."

కాంతారావుగారు తల వంచుకున్నారు. కాలేజీలో పూర్తి కాలం పనిచేసే మనిషి కాగితం షాపులో పెట్టకూడదు. అది ఆయన పాఠంలో మూడో అధ్యాయం. నేనైతే ఇచ్చేయండి మహాప్రభో అని అరవాలనుకున్నాను. అరవలేదు. ఆ పిల్లే అంది.

"వద్దు మావయ్యా. సార్‌ని అడక్కు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చల్లపల్లి దాకా ఆయన టికెట్టు మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చున్నారు. తర్వాత, "ఇచ్చేద్దామనుకున్నానండీ, నిజంగా" అన్నారు. ఇచ్చుంటే ఆయన్ని తప్పుబట్టేదాన్ని, ఇవ్వనందుకు ఇంకా తప్పుబట్టాను. మింగలేం, కక్కలేం. అసలు కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు.

సోమవారం గడిచింది. మాధవీలతగారు బుధవారం దాకా ఆగి, వేరే అమ్మాయిని తీసుకున్నారు. ఆవిడ తప్పేం లేదు. ఎవరి తప్పూ లేదు. ఇలాంటివాటిలో ఎప్పుడూ అంతే.

జూలైలో దివ్యశ్రీ వచ్చి క్లినికల్ ఫార్మసీ పుస్తకం తిరిగిచ్చింది. ఇంకా ఉంచుకోమ్మా అన్నాను. "షాపులో చదవడానికి కుదరట్లేదు మేడమ్" అంది. వెళ్లాక పేజీలు చూస్తుంటే అప్పుడు నా ముందే రాసిన రాజీనామా ఉత్తరం దొరికింది. సంతకం ఉంది. తేదీ దగ్గర ఖాళీ వదిలేసింది.

పక్క గదిలో కాంతారావుగారు కొత్త పిల్లలకి అయిదు గీతలు గీస్తున్నారు. క్లాసయ్యాక ఉత్తరం చేతికిచ్చాను. ఎర్ర పెన్ను పట్టుకునే ఉన్నారు. పైనుంచి కిందిదాకా చదివి, మళ్లీ చదివి, పెన్నుకి మూత పెట్టేశారు.

"ఒక్క తప్పు లేదండీ" అన్నారు.

అది ఆయన చొక్కా జేబులో పెట్టుకుని రెండో గంట క్లాసుకి వెళ్లారు.