డిబ్బీలో ఎక్కువైన ఒక్క సెంటు

మా తరగతిలో ఇరవై ఐదుగురం ఉండేవాళ్ళం. మా దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్ళయింది. డాలర్లు, సెంట్లు అలవాటైపోయాయి కానీ, మా పెద్దవాళ్ళు మాత్రం ఇంకా కొన్నిటిని షిల్లింగుల్లోనే చెప్పుకొనేవాళ్ళు. మా ఊరు లోవులో బడి చెరుకు చేల మధ్య ఉండేది. లెక్కలు చెప్పే మేడమ్ రోజూ లౌటోకా పట్నం నుంచి బస్సులో వచ్చేది. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు కూడా ఉండవేమో. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. వెనక బెంచీల్లోని మగపిల్లలు కూడా ఆవిడ మాట్లాడుతుంటే గోల చేసేవాళ్ళు కాదు. ఎందుకో అప్పుడు తెలియలేదు. తెలియని సంగతి చెప్పేటప్పుడు ఆవిడ మమ్మల్ని పెద్దవాళ్ళలాగా చూసేది, అందుకని ఇప్పుడనిపిస్తుంది.

ఫిబ్రవరిలో చక్రవడ్డీ పాఠం వచ్చింది. సూత్రం బోర్డు మీద రాసింది. మేం ఎక్కించుకున్నాం. మర్నాడు అడిగితే అందరం సూత్రం అప్పజెప్పాం గానీ, బారువడ్డీకీ దీనికీ తేడా ఏమిటంటే ఒక్కరమూ చెప్పలేకపోయాం. ఆవిడ సుద్దముక్క కింద పెట్టి, కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

సోమవారం ఒక పాలపొడి డబ్బా తెచ్చింది. మూతకి చాకుతో సన్నటి చీలిక కోసి ఉంది. తరగతికి ఆ డిబ్బీ చూపించి, "రేపు తలా నాలుగు సెంట్లు తెండి. ఊరికే కాదు, నాకు అప్పివ్వండి" అంది.

మేడమ్‌కి అప్పివ్వడమనేసరికి మాకు భలే సరదా వేసింది. మర్నాడు వంద సెంట్లు పోగయ్యాయి. అన్నీ ఒక్కొక్క సెంటు నాణేలే, యంగోనా అనే వేరుపొడి పానీయం కలిపే గిన్నె బొమ్మ ఉన్నవి. మేడమ్ ఒక కాగితం మీద షరతులు రాసి, సంతకం పెట్టి, గోడకి అంటించింది. ప్రతి నెలా మొదటి సోమవారం డిబ్బీ తెరిచి లెక్కపెట్టాలి. ఎంతుంటే దాని మీద నూటికి పది చొప్పున ఆవిడ తన డబ్బు అందులో వెయ్యాలి. సంవత్సరాంతం దాకా ఎవరూ బయటికి తియ్యకూడదు.

మార్చిలో తెరిచాం. వంద. మేడమ్ చేతిసంచిలోంచి పది నాణేలు తీసి వేసింది. నూటపది. మాకు అందులో వింతేమీ కనబడలేదు.

ఏప్రిల్‌లో తెరవకముందే, ఈసారి వేశాక ఎంతవుతుందో రాయమంది. ఇరవై నాలుగు మంది నూట ఇరవై అని రాశారు. మా తరగతి లీడరైతే పైకి చదివాడు కూడా. మేడమ్ ఏమీ అనకుండా నాణేలు ఒక్కొక్కటే వేస్తూ మమ్మల్ని గట్టిగా లెక్కపెట్టమంది. పది దాటింది. పదకొండోది వేసింది.

"మేడమ్, ఒకటి జాస్తీ పడింది" అన్నాడు లీడరు.

"పడలేదు."

"పది కదా? నూటికి పది."

"నూటికి పదే. డిబ్బీలో నూరే ఉందా?"

నూట ఇరవై ఒకటి రాసిన ఒక్కదాన్ని నేనే. అయితే అర్థమై రాయలేదు. సూత్రంలో అంకెలు వేస్తే అదే వచ్చింది. అందుకే ఆవిడ నా కాగితం చూసి, "ఆ ఒక్క సెంటు ఎక్కడిదో చెప్పు" అనగానే నిలబడి బిక్కమొహం వేశాను. గోడ మీది షరతులు చదవమంది. 'ఎంతుంటే దాని మీద' అన్న దగ్గర నా నాలుక ఆగింది.

"పోయిన నెల మీరు వేసిన పది సెంట్లున్నాయి కదా మేడమ్. దానికి కూడా వడ్డీ. పదికి ఒకటి" అన్నాను.

"అంతే. వడ్డీ అసల్లో కలిసింది. ఇంక అది కూడా పని చేస్తుంది" అంది ఆవిడ, నన్ను కూర్చోమని సైగ చేస్తూ.

ఆ తర్వాత డిబ్బీ మాకు పిచ్చి పట్టించింది. మే నెలలో నూట ముప్పై మూడూ, పైన సెంటులో పదో వంతు వచ్చింది. పదో వంతు నాణెం ఎక్కడా దొరకదు గనక మేడమ్ చిన్న చీటీ మీద రాసి లోపల వేసింది. "ఇది కూడా నా బాకీయే. మరిచిపోతే గుర్తు చెయ్యండి" అంది.

ఆ మే నెలలోనే మా ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. మాది కౌలు భూమి, పదెకరాలు. కొత్త చెరుకు నాటాలంటే దున్నాలి, ఒంటి ఎద్దుతో ఏం దున్నుతాం? నాన్న రెండు రోజులు అప్పు కోసం తిరిగాడు. మూడో రోజు సాయంత్రం ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. రోడ్డు మీద కొట్టు నడిపే లారీ యజమాని వంద డాలర్లు ఇస్తానన్నాడట. పొద్దున సంతకం పెడితే డబ్బు చేతికొస్తుంది.

ఇంట్లో మేం మాట్లాడేది హిందీయే. మధ్యమధ్య నాయనమ్మ వదిలిపోయిన తెలుగు ముక్కలు పడేవి. నాన్నకి సంతోషమైనా దిగులైనా తెలుగు ఎక్కువయ్యేది.

"నెలకి ఐదే కదా. బరస్ భర్, ఏడాదంతా ఎంత? అరవై. చెరుకు పేమెంటు రాగానే నూట అరవై కట్టేస్తం, ఖతమ్" అన్నాడు అమ్మతో.

నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. నూటికి ఐదు. నోట్లో ముద్ద పెట్టుకోబోయి ఆగాను.

"నాన్నా, ఆ ఐదు డిబ్బీలో పడతాదా?"

"కా బోలే హై?" అన్నాడు నాన్న, నేనేమంటున్నానో తెలియక.

"నెల నెలా కట్టేస్తామా, లేకపోతే అసల్లో కలుస్తాదా?"

నాన్న కాగితం వైపు చూశాడు. అది ఇంగ్లీషులో ఉంది. నాన్నకి తన పేరు రాయడం వచ్చు. నేను చదివాను గానీ పొడుగు వాక్యాలు, సగం అర్థం కాలేదు. "మేడమ్‌ని అడుగుదాం" అన్నాను. పన్నెండేళ్ళ పిల్ల మాట విని బడికి వచ్చే తండ్రులు మా లోవులో ఎక్కువమంది లేరు. నాన్న వచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, కాళ్ళ మట్టి కడుక్కుని, బడి వరండాలో నిలబడ్డాడు.

మేడమ్ ఆయనకి కుర్చీ వేసింది. కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివి, మళ్ళీ ఒక వాక్యం దగ్గరికి వచ్చి వేలు పెట్టింది.

"భయ్యా, ఇక్కడ రాసుంది. ఏ నెల వడ్డీ ఆ నెల కట్టకపోతే అసల్లో కలుస్తుంది. వచ్చే నెల అంతటి మీదా ఐదు."

"హాఁ, అంటే ఎంత?"

మేడమ్ చెప్పలేదు. నా చేతికి సుద్దముక్క ఇచ్చింది. "నువ్వు చెయ్యి. నాన్నగారికి కనబడేట్టు పెద్దగా రాయి."

ఖాళీ తరగతిలో బోర్డు మీద రాశాను. మొదటి నెల నూట ఐదు. రెండో నెల నూట పది డాలర్ల పాతిక సెంట్లు. ఆ పాతిక సెంట్లు చూపించి, "ఇది ఐదు డాలర్లకి వచ్చిన వడ్డీ నాన్నా" అన్నాను. నాన్న తలూపాడు. ఆరో నెలకి నూట ముప్పై నాలుగు డాలర్ల ఒక సెంటు. నా చెయ్యి నొప్పి పుట్టింది. మధ్యలో ఒక చోట హెచ్చవేత తప్పితే మేడమ్ దగ్గింది, నేను చెరిపి సరిచేశాను. పన్నెండో నెలకి నూట డెబ్బై తొమ్మిది డాలర్ల యాభై తొమ్మిది సెంట్లు.

నాన్న బోర్డు దగ్గరికి వచ్చాడు.

"అరవై అనుకుంటి. ఇరవై జాస్తీ" అన్నాడు. "దగా చేసిండా వాడు?"

"దగా కాదు భయ్యా, కాగితంలో రాసే ఉంది. మీకు చదివి చెప్పలేదు, అంతే. ప్రతి నెలా ఐదు డాలర్లు కట్టగలిగితే అసలు వంద దగ్గరే ఉంటుంది. మీరనుకున్న నూట అరవైతో తీరిపోతుంది."

"నెల నెలా నగదు ఎక్కడిది మేడమ్? చెరుకు డబ్బు బరస్‌లో మూడు నాలుగు సార్లే."

"అది నాకు తెలియదు. మీకే తెలుస్తుంది" అంది ఆవిడ. ఆ మాట నన్ను కొంచెం నొప్పించింది. ఏదో ఒక దారి ఆవిడే చూపిస్తుందనుకున్నాను.

నాన్న అప్పు తీసుకున్నాడు. కానీ సంతకానికి ముందు లారీ యజమానితో, నెల నెలా ఐదు తెచ్చిస్తానని, ప్రతిసారీ రసీదు కావాలని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన నాన్న వైపు కాదు, నా వైపు చూసి నవ్వాడు. "అచ్ఛా, నాకేం? నగదు వస్తే మంచిదే" అన్నాడు. కోపమేమీ తెచ్చుకోలేదు.

ఎద్దు వచ్చింది. దుక్కి అయింది. ఇంటి వెనక అర ఎకరంలో అమ్మా నాన్నా వంకాయ, బెండ పెట్టారు. శనివారం తెల్లవారగానే గోనెసంచీలతో లౌటోకా బస్సెక్కి, మార్కెట్లో నేల మీద కుప్పలు పోసి అమ్మేవాళ్ళం. కూరలు కాపుకి రాకముందు మొదటి రెండు నెలల వడ్డీ అమ్మ కోళ్ళమ్మి ఇచ్చింది. నెల తిరిగేసరికి నాన్న ఐదు డాలర్లు మడిచి జేబులో పెట్టుకుని కొట్టుకి వెళ్ళేవాడు. రసీదు తెచ్చి నాకిచ్చేవాడు. నేను తేదీల వరసన గుచ్చేదాన్ని. ఒక నెల తుఫాను వానకి మొక్కలన్నీ పడిపోయాయి. ఆ నెల నాన్న పక్కవాళ్ళ చేలో చెరుకు కొట్టి ఐదు డాలర్లు కట్టాడు.

ఒక శనివారం మేడమ్ మార్కెట్లో కనబడింది. నాన్న సంచి నిండా వంకాయలు పోసి ఇవ్వబోయాడు. ఆవిడ అవి తీసుకుని, కుప్ప ధర ఎంతో పక్కామెని అడిగి, అంతా లెక్కగట్టి నా చేతిలో పెట్టింది. "నెలాఖరు దగ్గరికొస్తోంది భయ్యా" అంది, అంతే. నాన్న ఆ సాయంత్రమంతా ఆవిడ గురించే మాట్లాడాడు.

నవంబరులో డిబ్బీ చివరిసారి తెరిచాం. రెండు వందల ముప్పై ఐదు నాణేలు, ముప్పావు సెంటు దాటిన చీటీ. మార్చిలో పది సెంట్లు వేసిన మనిషి ఆ సోమవారం ఇరవై ఒకటి వెయ్యాల్సి వచ్చింది. చీటీ చించేసి ఇంకో నాణెం వేసి, "పైసలు విరగవు, ఇది నా వంతు" అంది. తలా తొమ్మిది సెంట్లు వచ్చాయి. మిగిలిన పదకొండింటికి బఠానీలు కొని పంచింది.

"మీకు నాలుగు తొమ్మిదైంది. బాగుంది కదా?" అని అడిగింది. అందరం బాగుందన్నాం. "నాకు ఎలా ఉందో ఎవరైనా అడగండి" అంది. అప్పుడు మాకు నవ్వు ఆగిపోయింది. ఆవిడ మాత్రం నవ్వుతూనే ఉంది.

మరుసటి ఏడు నాన్న అసలు వంద కూడా కట్టేశాడు. ఆ ఏడే మేడమ్‌కి బదిలీ అయింది. నేను చదువుకుని రాజధాని సువాలో ఉద్యోగం తెచ్చుకుని, పక్కనే నసీనులో ఇల్లు కట్టుకున్నాను. ఇంటి అప్పు కాగితాలు నాలుగుసార్లు చదివి సంతకం పెట్టాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, లౌటోకాలో ఒక పెళ్ళిలో ఆవిడ కనబడింది. జుట్టు తెల్లబడింది, గొంతు అదే. చిన్నప్పటి నుంచి అడగాలనుకున్నది అడిగాను.

"ఆ రోజు నాన్నతో సంతకం పెట్టొద్దని ఎందుకు చెప్పలేదు మేడమ్?"



"ఎద్దు లేకపోతే ఆయన ఏం చేసేవాడు? నాకు లెక్క తెలుసు, బేటీ. సేద్యం నాకు తెలియదు. ఆయనకి తెలుసు. ఆ నెల నెలా ఐదు ఎక్కడి నుంచి వస్తుందో నేను చెప్పి ఉంటే, మొదటి నెలే తప్పేవాడు."

ఎవరో ఆవిడని భోజనానికి పిలిచారు. నన్ను కూడా చెయ్యి పట్టి లేపి, తన పక్కన చోటు చూపించింది.