నాట్ ట్రైనీ

రాజమండ్రిలో మా రిక్రూట్‌మెంట్ ఆఫీసు ఒక మిఠాయి కొట్టు మీది అంతస్తులో ఉంది. కింద జనం కాజాలను చూసి ఎంచుకుంటారు. పైన మేము మనుషులను చూడకుండా ఎంచుతాం.

ఆ రోజు ఒక ఫ్యాక్టరీకి పంప్ హౌస్ ఇంజనీరు కావాలి. సాయంత్రంలోగా రెజ్యూమెలు పంపాలి. రెజ్యూమెల డేటాబేస్‌లో వెతకడానికి సెర్చ్ స్ట్రింగ్ మా సారే రాశారు: బ్రాకెట్‌లో “పంప్ హౌస్” ఆర్ “లిఫ్ట్ ఇరిగేషన్”, ఆ పైన అండ్ మెయింటెనెన్స్, చివర నాట్ ట్రైనీ. కొత్తవాళ్లు రాకుండా ఆ చివరి ముక్క.

ఫలితాల్లో అందరికంటే పైన వచ్చినాయన పంపుల షోరూములో బిల్లులు రాసేవాడు. రెజ్యూమె అడుగున మాత్రం పంప్ హౌస్, మెయింటెనెన్స్ అంటూ సహస్రనామం చదివాడు. డేటాబేస్ ప్రసన్నమైంది.

అప్పుడే ఒకావిడ మెట్లెక్కి వచ్చారు. పట్టిసీమ వైపు ఎత్తిపోతల పంపుల దగ్గర ఏళ్లుగా ఇంజనీరు. ఈ నెలాఖరుతో కాంట్రాక్టు అయిపోతుంది, తర్వాత చేతిలో పని లేదు.

“ఏమండీ, నా రెజ్యూమె మీ దగ్గరే ఉంది కదా, ఒక్క ఫోనూ రాదేంటండి?”

వెతికాను. పేరుతో కొడితే ఉన్నారు, స్ట్రింగుతో కొడితే లేరు. చదివితే తెలిసింది: “ట్రైనీ ఇంజనీర్లకు పని నేర్పాను” అని రాసుకున్నారు. ఎక్కడ కనబడినా, ఎందుకు రాసినా, ఆ ఒక్క మాటతో నాట్ మనిషిని మొత్తంగా తీసేస్తుంది.

“సార్, ఆ నాట్ తీసేద్దామా?”

“తీస్తే ఈ ఏడు పాసైన పిల్లలంతా మీద పడతారయ్యా. నువ్వు చదువుతావా?”

“చదవడం మన పనే కదండీ.”

“మన పని పంపడం.”

ఆవిడ అంతా విన్నారు. “అంటే, పని నేర్పినందుకు నన్ను నేర్చుకునేవాళ్లలో కలిపేశారా?”

“కలపలేదండీ. వాళ్లతోపాటు బయట పెట్టాం.”

“బావుందండి మీ మర్యాద. ఆ లైను మాత్రం తియ్యను. దగ్గరుండి నేర్పాను వాళ్లకి.”

తియ్యొద్దు, మార్చండి అన్నాను. “కొత్తగా చేరిన ఇంజనీర్లకు” అని మార్చి, నా కంప్యూటర్లోనే మళ్లీ ఎక్కించారు. కాసేపాగి అదే స్ట్రింగు నొక్కాను. వచ్చారు, షోరూము ఆయన కింద. మనిషి అదే, పంపులు అవే, అనుభవం అదే.

సారు ఇద్దరివీ పంపారు. రెండు రోజులకు ఫ్యాక్టరీ వాళ్లు ఆవిడను తీసుకున్నారు. ఆవిడ ఫోన్ చేసి, “కృతజ్ఞతలండీ” అని, “ఇంకా లోపల ఎంతమంది ఉండిపోయారండి అలాగ?” అని అడిగారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. కనబడనివాళ్లను లెక్కపెట్టే బటన్ మాకు లేదు.

సారు నా భుజం తట్టారు. “చూశావా, నా స్ట్రింగు పవరు!” అని, నాట్ ట్రైనీతో సహా దాన్ని సేవ్ చేశారు. ఇప్పుడు ఆఫీసులో అందరం అదే వాడుతున్నాం.