వదిన పెట్టిన గడియ

కళ్లద్దాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. ఓనరు గారు కూడా ఒక్కోసారి పొరపాటున అలాగే పిలిచి నాలిక కరుచుకుంటారు. ఆ పిలుపు మొదలుపెట్టింది ఆమె సొంత మరిది. అతన్ని ఉద్యోగంలో పెట్టించింది ఆమే. కొత్తలో మెట్ల మీంచి "వదినా, ఇదెలా?" అని పొద్దస్తమానం కేకలేసేవాడు. విని విని ఫ్యాక్టరీ అంతా అదే పట్టుకుంది.

ఆమె పెళ్లై అత్తవారింటికి వచ్చేసరికి అతను స్కూల్లో చదువుతున్నాడు, తల్లి లేదు. అన్నం పెట్టి, లెక్కలు చెప్పి, జ్వరమొస్తే పక్కన కూర్చుని పెంచింది. తనకు తెలిసిన కంప్యూటర్ పనంతా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. తర్వాత అతను ఆమెను దాటి మేనేజరయ్యాడు. మాటకారి, ఓనరు గారి ముందు నోరు తడబడదు. వదినకు అసూయ లేకపోగా, తనే మేనేజరైనంత సంబరంగా అందరికీ స్వీట్లు పంచింది.

మేడ మీద సర్వర్ గది పక్కన ఆమె కుర్చీ. ఆ గదికి కిటికీ లేదు, కింద అద్దాలు అరగదీసే యంత్రాల రొద నేలలోంచి సన్నగా పాదాలకు తెలుస్తుంటుంది. ఆమె గర్వమంతా తను రాసిన ఒక ప్రోగ్రాం. ఊళ్లో కళ్లజోళ్ల దుకాణాలు ఆర్డర్లు పంపిస్తుంటాయి. పది నిమిషాలకోసారి ప్రోగ్రాం దానంతటదే లేచి, 'కొత్తది' అని గుర్తు వేసి ఉన్న ఆర్డర్లన్నీ పోగుచేస్తుంది. ఒక్కోదానికి అద్దం ఎంత వంపు తిరగాలో లెక్కకట్టి కింది యంత్రాలకు పంపుతుంది. పంపినదానికల్లా 'పంపాం' అని గుర్తు వేస్తుంది. ఆ గుర్తులు మాత్రం మొత్తం పని ముగిశాక ఒక్కసారే ఖాయమవుతాయి. అప్పటిదాకా బయటివాళ్ల కళ్లకు అవి కొత్తవే. ఆమె అది రాసిన రోజుల్లో దుకాణాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, ప్రోగ్రాం ఇలా లేచి అలా పడుకునేది.

ఇప్పుడు దుకాణాలు వీధికొకటి. ఆ సంగతి ప్రోగ్రాముకు ఎవరూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఫోర్‌మన్ బాబాయ్ రెండు ట్రేలు పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ఉత్తప్పుడు పైకి రమ్మన్నా రాని మనిషి.

"వదినమ్మా, ఈ ఆసామికి ఎన్ని కళ్లున్నాయో కాస్త చూసి చెప్పు" అన్నాడు.

రెండు ట్రేల్లోనూ ఒకే పేరు, ఒకే పవరు, ఒకే ఫ్రేము అద్దాలు.

"పొరపాటున రెండుసార్లు పెట్టుంటారేమో బాబాయ్."

"ఒక్కడైతే పొరపాటే. కింద ఇలాంటి కవలలు బల్లంతా ఉన్నారు. మావాళ్లే అరగదీసి పారేస్తున్నారని మీ మరిది గారు పొద్దున్నుంచి చిందులు తొక్కుతున్నాడు."

ఇంతలో ఆర్డర్ల కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి తలుపులోంచి మొహం పెట్టింది. "వదినా, పవరు తప్పు రాశామని దుకాణంవాళ్లు ఫోన్ చేశారు. దిద్దుదామంటే సేవ్ నొక్కితే తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది. లైన్లో ఆయన నన్ను తిడుతున్నాడు."

వదిన తెరవైపు తిరిగింది. నడుస్తున్న పనుల్లో తన ప్రోగ్రాం కనబడింది. దాని కిందే ఇంకోసారి అదే ప్రోగ్రాం!

చూస్తుంటే అంతా అర్థమైంది. మొదటిది పది నిమిషాలు దాటినా ముగియలేదు. టైమైంది కదా అని రెండోది లేచింది. మొదటిదాని గుర్తులు ఇంకా ఖాయం కాలేదు గనక, దానికి అవే ఆర్డర్లు కొత్తవిగా కనబడ్డాయి. జాబితా చేతపట్టుకుని మొదటి ఆర్డరును మళ్లీ యంత్రానికి పంపేసింది. గుర్తు వేయబోతే ఆ ఆర్డరు ఇంకా మొదటిదాని పట్టులో ఉంది, అందుకని ఆగిపోయింది. మొదటిది ముగించి పట్టు వదలగానే రెండోది తన పాత జాబితాతో మిగతావన్నీ వరసపెట్టి మళ్లీ పంపడం మొదలెట్టింది. అది ముగిసేలోపు మూడోది లేవదా? లేస్తుంది. కౌంటరు అమ్మాయి దిద్దబోయిన ఆర్డరూ అదే పట్టులో చిక్కుకుంది. అందుకే ఆ తిరుగుడు.

కానీ ఇలా జరగకూడదు. ఒకటి నడుస్తుంటే రెండోది లోపలికి రాకుండా తను గడియ పెట్టింది. ప్రోగ్రాం మొదలవగానే ఒక చిన్న ఖాళీ ఫైలు పెడుతుంది, ముగించి వెళ్తూ తీసేస్తుంది. ఈలోపు ఇంకోటి లేచినా, ఫైలు కనబడితే వచ్చిన దారినే పోవాలి. వదిన ప్రోగ్రాం తెరిచింది. పైనుంచి కిందికి చదివింది, మళ్లీ చదివింది. గడియ లేదు.

ఆ ఆఫీసులో అందరూ నేరుగా సర్వర్లోనే దిద్దుతారు. పాత ప్రతులు దాచే అలవాటు ఎవరికీ లేదు, ఆమెకూ లేదు. సరిచూసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"నువ్వసలు పెట్టలేదు వదినా" అన్నాడు మరిది, అడగ్గానే. గొంతులో జాలి కూడా ఉంది. "పెడదామనుకుని ఉంటావు. అప్పట్లో అన్నయ్య ఆపరేషను, ఆ హడావుడి, అన్నీ ఒకేసారి కదా. ఎవరైనా మర్చిపోతారు."

అంత మెత్తగా చెప్పేసరికి నమ్మేసింది పిచ్చిది. ఓనరు గారి గదిలో తలదించుకుని నిలబడి, తప్పు తనదేనని ఒప్పుకుంది. అనవసరంగా మాటపడ్డారని బాబాయికి క్షమాపణ చెప్పింది. మరిది పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పాతకాలం పని సార్, వదిన్ని ఏమనగలం? ఇకమీదట బయటి కంపెనీకి అప్పజెబితే మంచిది. వదిన కౌంటర్లో కూర్చుంటుంది, ఆవిడకీ ఒత్తిడి ఉండదు" అన్నాడు. ఓనరు గారు కాసేపు గడ్డం గోక్కుని సరేనన్నారు. వచ్చే సోమవారం నుంచి ఆ గది, ఆ కుర్చీ, ఆ ప్రోగ్రాం ఆమెవి కావు.

ఇంటికొచ్చి భర్త దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "పెట్టానండీ, పెట్టిన గుర్తుంది. నాకు మతిగానీ పోతోందా?" అంది. ఆయన వీపు నిమురుతూ, "పోనీలే, ఊరుకో" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. ఓదార్పనుకుంది.

సోమవారం లోపు ప్రోగ్రామును బాగుచేసి ఒప్పజెప్పాలనుకుంది. ఊరికే వదిలిపెట్టి పోయే మనిషి కాదు. ఈసారి ప్రోగ్రాం ఆర్డర్లను ఒక్కొక్కటిగా ముందు తన పేర పట్టుకుని, ఆ గుర్తు ఖాయం చేశాకే యంత్రానికి పంపేలా రాసింది. ఇంకొకటి లేచినా అవి కొత్తవిగా కనబడవు, కౌంటరు అమ్మాయికి తిరుగుడూ ఉండదు. గుర్తులన్నీ చివర్న ఖాయం చేయడం మొదట్లో తన తెలివితక్కువేనని తనలో తనే తిట్టుకుంది. దానికి తోడు మళ్లీ గడియ పెట్టడానికి కూర్చుంది.

మరిది కాఫీ కప్పుతో వచ్చి వెనక నిలబడి చూశాడు.

"మళ్లీ ఫైలేనా వదినా? వద్దు. కరెంటు పోయినప్పుడు అది అక్కడే ఉండిపోతే మళ్లీ పొద్దుటిపూటంతా కింద యంత్రాలు ఖాళీ. బాబాయ్ నా ప్రాణం తోడేశాడు."

వదిన చేతులు మీటల మీదే ఆగిపోయాయి. నెమ్మదిగా కుర్చీ తిప్పింది.

"ఎప్పుడు తోడేశాడు?"

అతను కాఫీ గుటక వేయబోయి ఆగాడు.

"నేను గడియ పెట్టనే లేదన్నావుగా. పెట్టని ఫైలు ఎలా ఉండిపోయిందిరా?"

మాటకారి మరిది కప్పు బల్ల మీద పెట్టి అసలు సంగతి చెప్పాడు. ఆమె ఆస్పత్రిలో భర్త మంచం పక్కన కూర్చున్న రోజుల్లో ఒక తెల్లవారుజామున కరెంటు పోయి సర్వర్ ఆగింది. ప్రోగ్రాం సగంలో చచ్చింది, ఫైలు మాత్రం మిగిలిపోయింది. సర్వర్ మళ్లీ నడిచాక లేచిన ప్రతిసారీ ఆ ఫైలు చూసి, ఎవరో లోపలున్నారనుకుని ప్రోగ్రాం వెనక్కి పోయింది. కింద యంత్రాలకు పని లేదు. అతను ఫైలు చెరిపి ఊరుకోకుండా, ఆ గొడవే వద్దని ప్రోగ్రాంలోంచి గడియ వాక్యాలన్నీ పీకేశాడు.

"అప్పుడు దుకాణాలు తక్కువ వదినా, ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత చెబుదామనుకున్నా, మర్చిపోయా."

"పీకినందుకు నేనేం అనను. నీ చోట ఉంటే నేనూ అదే చేసేదాన్నేమో. కానీ మొన్న ఆ గదిలో నేను తలవంచుకుని నిలబడితే, అప్పుడు గుర్తులేదా?"

అతను కప్పు వంక చూస్తూ అన్నాడు.

"చెబితే నా మేనేజరు పని పోతుందని... నిన్నైతే ఓనరు గారు తీసెయ్యరుగా, వదినా. కౌంటర్లో కూర్చోబెడతారంతే." తనకేదో అండ దొరికినట్టు తలెత్తాడు. "అన్నయ్యకి అప్పుడే చెప్పాను. ఆస్పత్రిలోనే. నీకు చెబితే కంగారు పడతావని తనే వద్దన్నాడు."

వదినకు మరిది మోసం ఒక ఎత్తు. వీపు నిమిరిన ఆ చేయి ఇంకో ఎత్తు. తనకు మతి పోతోందా అని ఏడుస్తుంటే, పోలేదని తెలిసిన మనిషి 'పోనీలే' అన్నాడు!

ఆమె మళ్లీ తెరవైపు తిరిగింది. ఫైలు గడియ మానేసి, ఆర్డర్లన్నీ ఉండే డేటాబేసులోనే తాళం పెట్టింది. ప్రోగ్రాం చస్తే డేటాబేసుతో దాని కనెక్షన్ తెగుతుంది, దాంతో తాళం దానంతటదే విడిపోతుంది. కరెంటు పోయినా బెంగ లేదు. పని ముగించి, లేచి, ఓనరు గారి గదికి నడిచింది. మరిది వెనకే పరిగెత్తాడు.

"సార్, మొన్న నేను ఒప్పుకున్న తప్పంతా నాది కాదు. గుర్తులు చివర్న ఖాయం చేయడం నాది, అది దిద్దాను. గడియ తీసింది మాత్రం నేను కాదు. ఎవరు, ఎందుకు తీశారో మేనేజరు గారు చెబుతారు" అంది. "చెప్పండి, మేనేజరు గారూ."

చేతుల మీద పెంచినవాడిని ఆమె 'గారూ' అనడం ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అతను జరిగిందంతా చెప్పాడు. ఓనరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బయటి కంపెనీ మాట ఇక ఎత్తొద్దన్నారు. ఆమె కుర్చీ ఆమెకు మిగిలింది.

"వదినా" అన్నాడతను వరండాలో.

"ఇక్కడ అందరికీ నేను వదిననే. మీకు కాదు" అని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో బట్టలు మడతపెడుతుంటే ఫోన్ మోగింది. భర్త తీసి కాసేపు విని, ఆమెవైపు చాచాడు. ఆయనకు సంగతంతా తెలిసిపోయిందని మొహమే చెబుతోంది.

"తమ్ముడు. ఏడుస్తున్నాడు. ఒక్క మాట మాట్లాడు, చిన్నవాడు."

ఆమె ఆయన చొక్కా మడత సరిచేసి దొంతర మీద పెట్టింది. ఫోను అందుకోలేదు.

"మీరే మాట్లాడుకోండి" అంది. "నాకు తెలియకుండా మాట్లాడుకోవడం మీ ఇద్దరికీ అలవాటేగా."