కాకాకు నేను చెప్పని గడువు

మా ఆఫీసు బస్సు నడిపే ఆయనది పుప్పాలగూడ. నేను కాకా అనేదాన్ని. గచ్చిబౌలిలోని ఒక బీమా కంపెనీలో పాలసీదారుల పనులు చూడటం నా ఉద్యోగం. ఆయన పాలసీ మా దగ్గరిదే. ఏడాది ప్రీమియం ఒక్కసారే కట్టలేకపోతున్నానంటే, నెలనెలా కట్టేలా ఈమధ్యే మార్పించింది నేనే.

ఒకరోజు బస్సు దిగుతుంటే మా కంపెనీ ఉత్తరం చేతికిచ్చాడు. ఫోన్ సంచిలో పడేసి చదివాను. గడువు తేదీ దాటాక పదిహేను రోజులు గ్రేస్ పీరియడ్, అప్పటిదాకా బీమా ఉంటుంది. అదీ దాటితే పాలసీ ల్యాప్స్, మనిషి పోయినా ఇంటివాళ్లకు ఏమీ రాదు. ఐదేళ్లలోపు బాకీ వడ్డీతో కట్టి, ఆరోగ్యం సంగతి రాసిస్తే మళ్లీ మొదలుపెట్టమని అడగొచ్చు. ఒప్పుకోవడం కంపెనీ ఇష్టం.

గ్రేస్ పీరియడ్ ముందురోజే అయిపోయింది.

"ఇన్ని రోజులు ఏం జేసినవ్ కాకా?"

"నెల గడువుంటది గద బిడ్డా. ఎప్పుడు ఆఖరుకే కడుతుంటి."

"అది ఏడాదికోసారి కట్టేటోళ్లకు. నెలనెలా అయితే పదిహేను రోజులే. ఉత్తరంల రాసుంది, సదువుకోవా?"

"గివన్నీ ఎవరు సదువుతరు? మార్పించింది నువ్వు, మారినయన్నీ నువ్వే చెప్తవనుకున్న."

నవ్వుతూనే అన్నాడు. నా కోపం అక్కడే చచ్చిపోయింది. వాయిదా తేలికని చెప్పాను కానీ, గడువు సగమవుతుందని చెప్పాలని నాకు తట్టనే లేదు.

మధ్యాహ్నం క్యాంటీన్లో పునరుద్ధరణ ఫారం నింపుతున్నాం. ఆరోగ్యం ప్రశ్న దగ్గర కాకా గొంతు తగ్గించాడు.

"మొన్న దవాఖానల షుగర్ ఉన్నదన్నరు. గది రాయకు."

పాలసీ ఆగకపోయి ఉంటే ఆ షుగర్ గురించి ఎవరూ అడిగేవారు కాదు.

"దాచిపెడితే, రేపు నీకేమన్నా అయినప్పుడు ఇంట్ల కాకీకి పైసలియ్యకుండ ఇదే పట్టుకుని తిప్పుతరు."

"రాస్తే మళ్ల పాలసీ ఇస్తరా?"

"ఇయ్యకపోవచ్చు."

టీ గ్లాసు పక్కకు జరిపి, ఫారం నా వైపు తోశాడు. "రాయి మరి," అన్నాడు.

పరీక్షలు చేశారు. జవాబు వచ్చేదాకా నేను బస్సులో ముందు సీట్లో కూర్చుని ఫోన్‌లో ఆయన దరఖాస్తు ఏమైందో చూస్తూనే ఉన్నాను. ఫ్లైఓవర్ మీద లారీ పక్కనుంచి పోతే, నా ప్రాణం కాదు, బీమా లేని ఆయన ప్రాణమే గుర్తొచ్చేది.

చివరికి ఒప్పుకున్నారు, ప్రీమియం పెంచి.

"పెరిగింది నేను కడత కాకా."

"ఎందుకు? షుగర్ నీదా నాదా? గవన్నిటికి పరేషాన్ గాకు. ఏ తారీఖుకు కట్టాలెనో గది చెప్పు."

తారీఖు చెప్పాను. ఈసారి గ్రేస్ పీరియడ్ కూడా వివరంగా చెప్పబోయాను.

"గది చెప్పకు బిడ్డా. తెలిస్తే మళ్ల ఆఖరు దినం దాక ఆగుత."