బొటనవేలి హాజరు

ఆ శీతల గిడ్డంగిలో ఆమెను అందరూ ఆపరేటరమ్మ అనేవారు. పదహారేళ్ల నుంచి ఐదు చల్లగదుల బాగోగులు ఆమె చేతిలోనే ఉన్నాయి. మోటారు చప్పుడు విని దానికి ఒంట్లో బాగోలేదని చెప్పగలిగేది. ఒకరి మెప్పు కోసం పనిచేయడం ఆమెకు రాదు, ఒకరికి జడిసి పని మానడమూ రాదు. అలాంటి మనిషిని ఫోనులోని ఒక చిన్న బొమ్మ ఏడాదిపాటు ఆడించిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొత్త మేనేజరు వచ్చీరాగానే సిబ్బంది అందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. పొద్దున ఆరింటికైనా, రాత్రి భోజనాల వేళకైనా అతను మెసేజి పెట్టాడంటే, ఐదు నిమిషాల్లో ప్రతివాళ్లూ బొటనవేలు బొమ్మ పెట్టి తీరాలి. ఆలస్యమైన వాళ్ల పేర్లు మర్నాడు మీటింగులో చదివేవాడు. గట్టిగా తిట్టేవాడు కూడా కాదు. నవ్వుతూ, "మనమంతా ఒకే కుటుంబం కదా" అనేవాడు. ఆ నవ్వు కన్నా తిట్టే నయమని లోడింగువాళ్లు అనుకునేవారు. చివరికి బొమ్మ పెట్టడమే పనైంది, మెసేజి చదవడం వెనకబడింది.

ఆపరేటరమ్మకు ఈ బాధ అందరికన్నా ఎక్కువ. టైలరుగా ఊరందరి కొలతలూ నోటికి చెప్పిన ఆమె భర్తకు ఆ గ్రూపు మొదలైన ఆర్నెల్లకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చెయ్యీ కాలూ చాలావరకు తిరిగొచ్చాయి కానీ మాట మాత్రం మొరాయించింది. మనసులో అంతా ఉంది, నోటికి రాదు. రోజూ ఒక గంట కూర్చోబెట్టి బొమ్మలు చూపించి పేర్లు చెప్పించమంది స్పీచ్ థెరపిస్టు. మాట మీరు అందించకండి, తొందరపెట్టకండి, ఎంతసేపైనా ఆయన మొహంలోకే చూస్తూ ఆగండి, ఈ మొదటి ఏడాదే ముఖ్యం అని మరీమరీ చెప్పింది. ఇంటికొచ్చి వంట పని ముగించి ఆమె ఏడింటికి కూర్చునేది. ఆయన పెదవులు కదిలేవి, మాట నాలుక చివరికి వచ్చేది. సరిగ్గా అప్పుడే ఫోను టింగుమనేది. ఆమె కళ్లు అటు తిరిగేవి. తిరిగి చూసేసరికి ఆయన మొహం మూతపడి ఉండేది. ఇక ఆ పూటకు పెదవి విప్పేవాడు కాదు.

అలా ఒక సాయంత్రం, "మూడో గది రెండు డిగ్రీలు దించండి" అని మెసేజి వచ్చింది. ఎవరు దించాలో రాయలేదు. ఆ గదిలో మర్నాడు పెళ్లి మండపాలకు వెళ్లాల్సిన గులాబీలున్నాయి. గదుల చల్లదనాన్ని ఫోను నుంచే మార్చే ఏర్పాటు ఉంది. ఒక్క నొక్కుకు అర డిగ్రీ. ఆపరేటరమ్మ భర్త మొహం మీంచి చూపు తిప్పి, గబగబా నాలుగుసార్లు నొక్కి, బొటనవేలు పెట్టేసింది. అదే సమయంలో రెండో ఆపరేటరు పొడుగాయన బస్సులో నిలబడి నాలుగుసార్లు నొక్కాడు. ఎందుకైనా మంచిదని సూపర్‌వైజరూ నాలుగుసార్లు నొక్కాడు. గది చల్లబడటానికి గంట పైనే పడుతుంది కాబట్టి ముగ్గురికీ తెర మీద పెద్దక్షరాల్లో గదిలో అప్పటికున్న నాలుగు డిగ్రీలే కనిపించింది. ఎంతకు దించమన్నారో చూపే కింది చిన్నక్షరాలు చూసే తీరిక ఎవరికుంది? ఐదు నిమిషాల గడువాయె.

రెండు దాకా దిగాల్సిన గది సున్నా దాటి ఇంకో రెండు డిగ్రీలు కిందికి పోయింది. చలి హద్దు దాటిందని హెచ్చరిక కూడా వచ్చింది. వచ్చింది ఆ గ్రూపులోకే, పాతిక బొటనవేళ్ల కింద పడి నలిగిపోయింది. పొద్దున తలుపు తీసేసరికి పూలన్నీ గడ్డకట్టి, ముట్టుకుంటే రేకులు విరుగుతున్నాయి. తిలా పాపం తలా పిడికెడు.

మీటింగులో అందరూ తలలు దించుకున్నారు. తప్పెవరిదని మేనేజరు అడిగాడు. ఆపరేటరమ్మ లేచి, నొక్కిన వాళ్లలో తానొకతెనని ఒప్పుకుంది. పదహారేళ్లలో చూడకుండా మీట ముట్టుకోవడం ఇదే మొదటిసారి అని కూడా చెప్పింది. చెబుతుంటే సిగ్గేసింది. తర్వాత ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. నెల రోజుల్లో పని వేళలు దాటాక గ్రూపులోకి వచ్చిన మెసేజిలు రెండు వందల పన్నెండు. వాటిలో తెల్లారేదాకా ఆగలేనివి తొమ్మిది.

"ఆ తొమ్మిది మెసేజిలకీ ఒక మనిషి చాలు సార్," అంది. "వారానికొకరం వంతు వేసుకుంటాం. డ్యూటీ ఫోను ఒకటి పెట్టండి. హెచ్చరికలు దానికే రావాలి. అవసరమైతే మీరు దానికి కాల్ చెయ్యండి. గదిని ముట్టుకునేది ఆ వంతు వాళ్లొక్కరే. మిగతావి పొద్దున ఎనిమిదింటికి చూస్తాం. నా వంతు లేని వారం ఆరు దాటితే నేను ఫోను చూడను. ముందే చెబుతున్నాను."

పైవాళ్లు తననూ అలాగే అడుగుతారని, అందుబాటులో లేకపోతే ఏం జవాబు చెప్పాలని మేనేజరు అన్నాడు. అబద్ధం కాదు, అతని ఫోనూ రోజంతా మోగుతూనే ఉంటుంది. గడ్డకట్టిన పూలకు ఏం జవాబు చెబుతారో దీనికీ అదే చెప్పమంది ఆమె. ఒకే కుటుంబం అనుకుంటే ఇలా ఉంటుందా అని అతను నొచ్చుకున్నాడు.

"ఇంట్లోవాళ్లైతే ఆ వేళకి అన్నం తిన్నావా అని అడుగుతారు సార్."

వెనక ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. మేనేజరు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. పిల్లి మెడలో గంట కట్టడం అయిపోయింది కాబట్టి పొడుగాయనకూ ధైర్యం వచ్చి, మొదటి వారం వంతు తనదేనన్నాడు. ఒక నెల చూద్దాం, తేడా వస్తే మాత్రం మళ్లీ పాత పద్ధతే అని మేనేజరు ఒప్పుకున్నాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, ఇక మేనేజరెందుకు పెడతాడు?

అలవాటు అంత తేలిగ్గా చస్తుందా! మూడో రోజు సాయంత్రం మేనేజరు గ్రూపు వదిలి ఆమె ఒక్కదానికే, చిన్న సందేహం అంటూ మెసేజి పెట్టాడు. ఆమె ఫోను వంటింట్లో డబ్బాల వెనక ఉంది. పొద్దున ఎనిమిదింటికి చూసి, ఎనిమిదీ రెండుకి జవాబిచ్చింది. అతను గది దగ్గరికే వచ్చి, రాత్రంతా ఎదురుచూశానన్నాడు. అంత అవసరమైతే పొడుగాయనకు కాల్ చేయాల్సింది కదా సార్ అని ఆమె శాంతంగానే అడిగింది. అంత అవసరం కాదులే అని గొణిగి వెళ్లిపోయాడు. క్షమాపణ అడగాలని ఆమెకు నోటిదాకా వచ్చింది. అడగలేదు. తర్వాత ఆమెకు అలాంటి మెసేజి రాలేదు.

పదో రోజు సాయంత్రం, సూపర్‌వైజరు వంతు నడుస్తుండగా, బొమ్మల కట్ట విప్పి ఇద్దరూ కూర్చున్నారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆయన బొమ్మ వంక చూడటంలేదు. ఫోనున్న వంటింటి వైపు చూసి, ఆమె వైపు చూశాడు. ఏదో అడగాలని ఉంది. ఆమె మాట అందించలేదు, కదలలేదు.

"వాళ్లు... పిలవట్లేదా?" అన్నాడు.

ఆర్నెల్ల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. పిలవరండీ, పొద్దున దాకా ఎవరూ పిలవరు అని ఆమె చెప్పింది. ఆ మాట నమ్మొచ్చా అన్నట్టు ఆయన మళ్లీ వంటింటి వైపు చెవి పెట్టి విన్నాడు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"అయితే... నా మాట... విను," అన్నాడు.

ఆమె బొమ్మలు పక్కన పెట్టి, ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది.