కూర్మమ్మ పేరున కుట్టిన సంచులు

కూర్మమ్మను ఊళ్లో అందరూ మిల్లు కూర్మమ్మ అనేవారు. ఏళ్ల తరబడి జూటుమిల్లు మనిషిగానే ఉన్నా, ఆ మిల్లు లోపల ఏముంటుందో ఆమె ఒక్కసారైనా చూడలేదు. విజయనగరం నుంచి గజపతినగరం పోయే రోడ్డు పక్కన ఉండేది మిల్లు. ఆమె రాకపోకలన్నీ వెనక గేటు దాకానే. సాయంత్రం అక్కడికి వెళ్లి, సంచుల కొలతకు కోసిన గోనెపట్టా రెండు కట్టలు, కుట్టడానికి పురి నెత్తిన పెట్టుకుని వచ్చేది. మర్నాడు ఆ పట్టా సంచులై తిరిగి వెళ్లేది. కట్టకు ఆమె అంకె వేసిన రేకుబిళ్ల కట్టి ఉండేది. గేటు గుమాస్తా బిళ్ల చూసి, కట్టలు లెక్కపెట్టి, కూలి రాసుకునేవాడు. అలా ఇళ్లకు పట్టుకెళ్లి కుట్టే ఆడవాళ్లు ఆ చుట్టుపక్కల చాలామందే ఉండేవారు.

బిళ్ల తీసుకున్న కొత్తలో కూర్మమ్మ రోజుకు ఒక్క కట్టే తెచ్చి, తనే కుట్టేది. అప్పట్లో ఆమె భర్త లక్ష్ముడికి దబ్బనం ముట్టుకోవలసిన పని లేదు. వానాకాలానికి ముందు ఇళ్ల కప్పులకు తాటాకు కొట్టి, తనే ఎక్కి కప్పేవాడు. ఆ చేతి కప్పు కింద చుక్క కారదని పేరు. ఒక ఏడు చెట్టు మీంచి జారిపడ్డాడు. ప్రాణం దక్కింది, కాళ్లు దక్కలేదు. ఆ వానాకాలమంతా తను కప్పిన కప్పునే చూస్తూ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎవరైనా పలకరించడానికి వస్తే నిద్ర నటించేవాడు.

ఒకరోజు కూర్మమ్మకు జ్వరం వచ్చింది. తెచ్చిన కట్ట విప్పకుండానే పక్కన పడి ఉంది. ఆమెకు మెలకువ వచ్చేసరికి లక్ష్ముడు గోడకు చేరగిలబడి, అరచేతికి తోలుముక్క కట్టుకుని సంచి కుడుతున్నాడు. తాటాకు బిగించిన చేతులు కావడంతో పురిని అలాగే బిగించి లాగుతున్నాడు. మూలకు వచ్చిన చోట వెనక్కి తిరిగి రెండో కుట్టు వేస్తున్నాడు. అలా వెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు.

"మూల కాడే గదే బరువంతా పడతాది," అన్నాడు.

ఆనాటి నుంచి కుట్టు అతనిది, మోత ఆమెది. పగలు ఆమె ఊడుపులకో కోతలకో పోయేది. అతను తలుపు దగ్గరగా వేసుకుని పొద్దస్తమానం కుట్టేవాడు, కట్టలు రెండయ్యాయి. గోనె కుట్టడం ఆడవాళ్ల పని. "నా పేరు ఎక్కడా ఎత్తకు," అని ఒక్కసారే చెప్పాడు. ఆమె ఎత్తలేదు. నిజానికి ఇలాంటి సంగతి లేని ఇల్లు ఆ వీధిలో తక్కువే. పక్కింటి మరిడమ్మ బిళ్ల మీద కుట్టేది ఆమె అత్త, ఇద్దరు ఆడపిల్లలు. అది అందరికీ తెలుసు. గేటు దగ్గర మాత్రం ఎవరూ అనేవారు కారు.

ఒకనాడు కట్టలు దించుతుంటే గుమాస్తా ఒక మాట చెప్పాడు: రేపు రెండో షిఫ్టు కూత వేసే వేళకు కుట్టేవాళ్లంతా ముందు గేటులోంచి లోపలికి రావాలి, మేనేజరుగారు మాట్లాడతారు.

దారి పొడుగునా ఆడవాళ్లకు అదే గొడవ.

"మూసేత్తారేటే?" అంది ఒకామె.

"మూసేదానికి మనల్ని పిలవాలేటి? తాళం యేసుకుంటే సాలదా," అంది మరిడమ్మ. "కూలి తగ్గించేత్తారు. సూడండి, బెల్లమెట్టి మరీ సెప్తారు."

మర్నాడు మిల్లు ఆవరణ జనంతో నిండిపోయింది. దిగే షిఫ్టువాళ్ల జుట్టు నిండా జనపనార నూగు. ఎక్కే షిఫ్టువాళ్ల జుట్టుకు నూనె. బేళ్లు ఎక్కించే అరుగు మీద మేనేజరు జగన్నాధంగారు, ఆయన పక్కన లేబరు ఆఫీసరు నరసింగరావుగారు. సినిమా టెంటు నుంచి తెచ్చిన లౌడుస్పీకరు చెట్టుకు కట్టారు. కూర్మమ్మ, మరిడమ్మ గోడవారగా నిలబడ్డారు.

"మన మిల్లుకు ఎన్నడూ రానంత పెద్ద ఆర్డరు వచ్చింది," అన్నాడు జగన్నాధంగారు. "ధాన్యం సేకరణకు గవర్నమెంటు వారు సంచులు కొంటున్నారు. పెద్ద పెద్ద మిల్లులు పోటీకి వచ్చాయి. కాంట్రాక్టు మనకు దక్కింది."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. నరసింగరావుగారు కొట్టాక అందరూ కొట్టారు.

"ఇది నా గొప్ప కాదు. నారను తడిపి మెత్తబరిచినవాళ్లు మంచి సరుకు ఇచ్చారు. స్పిన్నింగువాళ్ల పోగు తెగలేదు. నేతవాళ్లు బరువు తగ్గకుండా నేశారు." ఒక్కొక్క పనివాళ్ల పేరు ఎత్తినప్పుడల్లా వాళ్లు నిలబడ్డ మూల నుంచి ఈల వినిపించింది. "అన్నిటికంటే ముఖ్యం కుట్టు. మనం పంపిన నమూనా సంచుల్ని నింపి ఎత్తు మీంచి పడేసి చూశారు. వేరేవాళ్ల సంచులు మూలల దగ్గర విచ్చుకున్నాయి. మనవి విచ్చుకోలేదు. ఆ నమూనాలు ఎవరి కట్టలోవో బిళ్ల చూసి కనుక్కున్నాం. కూర్మమ్మ. ఎక్కడమ్మా కూర్మమ్మ?"

మరిడమ్మ ఆమెను ముందుకు తోసింది. ఇంతమంది తన వైపు తిరగడం కూర్మమ్మ ఎరగదు. చప్పట్లు కొడుతున్నారు. వాటిని తను తీసుకోవాలా, ఇంటికి మోసుకుపోవాలా ఆమెకు అర్థం కాలేదు. చేతులు పైట కిందికి దాచుకుంది.

జగన్నాధంగారు కాగితం తిప్పాడు. "ఇక పనిలో వచ్చే మార్పులు. పై నెల నుంచి రాత్రి షిఫ్టు కూడా నడుస్తుంది. రానివాళ్ల బదులు పనిచేసే బదిలీ పనివాళ్లకు రోజూ పని ఉంటుంది. సన్నపట్టా నేసే లూములు కొన్నిటిని సంచులపట్టాకు మారుస్తాం. వారపు సెలవు ఎవరికీ పోదు, కానీ అందరికీ ఒకే రోజున రాదు, వంతుల వారీగా ఇస్తాం. కుట్టుపని ఇకమీదట ఇళ్ల దగ్గర ఉండదు. గవర్నమెంటు ఇన్‌స్పెక్టరు ఇక్కడే కూచుని చూస్తాడు. లోపల షెడ్డు వేస్తున్నాం. ఆడవాళ్లకు రాత్రి పని చట్టం ఒప్పదు, కాబట్టి పగలే. ఇంటి పనుల మధ్యనే ఒక్కొక్కరూ రోజుకు రెండు కట్టలు కుట్టుకొస్తున్నారు. షెడ్డులో కుదురుగా కూచుంటే రెండున్నర అవుతాయి. ఆ లెక్క మీదే గడువు ఒప్పుకుని సంతకం పెట్టాం."

మగవాళ్లు మళ్లీ చప్పట్లు కొట్టారు. గోడవారన ఆడవాళ్లు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటి పనులు చూసుకుంటూ ఒక్క చేతి మీద ఒక్క కట్ట పూర్తి కావడమే గగనం; రెండు కట్టలంటే ఇంట్లో ఇంకో చేయి ఉన్నట్టే.

"ఏటే, రెండున్నరంటాడు," అంది మరిడమ్మ గొంతు తగ్గించి. "నాకు దబ్బనంలో పురి ఎక్కించడమే రాదు."

కూర్మమ్మ ఆ రెండున్నర గురించి ఆలోచించడం లేదు. పని ఇంటికి రాదు. ఇంట్లో మనిషి మిల్లుకు రాలేడు. మళ్లీ కప్పు చూస్తూ పడుకుంటాడు. ఆమెకు ఆ ఒక్కటే కనబడుతోంది. ఊరుకుంటే అతని పని పోతుంది. చెబితే అతని పరువు పోతుంది. ఏది తక్కువ నష్టమో తేల్చుకోకముందే కాళ్లు అరుగు దాకా నడిచాయి.

"బాబూ, ఆ కుట్టు నాది కాదు."

నరసింగరావుగారు వంగాడు. "నీ బిళ్లే కదమ్మా?"

"బిళ్ల నాదే బాబూ. కుట్టు నాది కాదు."

"మరెవరిది?"

వెనక నుంచి మరిడమ్మ అందుకుంది. "నా బిళ్ల మీది కుట్టూ నాది కాదు బాబూ. మాయత్తది. నన్ను సెడ్డులో కూకోబెడితే మీ ఇనస్పెట్రు బాబు ఏడుత్తాడు."

నవ్వులు లేచాయి. ఆ సందట్లో ఇంకొకామె తన కట్టలు చెల్లెలు కుడుతుందంది. ఒకామె తనూ తల్లీ కలిసి కుడతామంది. జగన్నాధంగారు ఒక్కొక్క మాటకూ కాగితం చూశాడు. అందులో ఇవేవీ లేవు.

"అయితే ఇక్కడున్నవాళ్లలో సొంతంగా కుట్టేవాళ్లెవరు?" అని అడిగాడు.

కొన్ని చేతులు లేచాయి. కొన్ని సగం లేచి ఆగాయి.

"సంతకమైపోయింది కదయ్యా," అన్నాడు ఆయన నరసింగరావుగారితో. లౌడుస్పీకరు ఆ మాట కూడా అందరికీ వినిపించింది.

ఇద్దరూ కాసేపు తలలు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నరసింగరావుగారు చెప్పాడు: నిజంగా కుట్టేవాళ్లు ఎవరైతే వాళ్లే రేపు పొద్దున వెనక గేటుకు రావాలి. ఒక సంచి కుట్టి చూపిస్తే బిళ్ల వాళ్ల పేరుకు మారుస్తారు. దొంగతనం అనుకోరు, ఎవరినీ తీసెయ్యరు. రానివాళ్ల బిళ్ల మాత్రం చెల్లదు.

"నడవలేని మనిషయితే, బాబూ?" అంది కూర్మమ్మ.

"ఎవరు?"

"మా ఇంటాయన."

నేతవాళ్లలో ఎవరో, "లక్ష్ముడు సంచులు కుడతాడేటిరా," అన్నారు. ఈసారి నవ్వు పెద్దగా లేచింది. జగన్నాధంగారు మాత్రం నవ్వలేదు. మగవాణ్ణి ఆడవాళ్ల షెడ్డులో ఎలా కూర్చోబెట్టాలో ఆయనకూ తోచినట్టు లేదు. "రేపు చూద్దాం," అన్నాడు. అది అవునో కాదో ఆమెకు తెలియలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు నెత్తిన బరువు లేదు. అలా నడవడం అలవాటు లేక రెండుసార్లు తడబడింది. తలుపు బార్లా తీసి ఉంది. లక్ష్ముడు గుమ్మానికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"స్పీకరు ఇక్కడికి ఇనిపించిందే," అన్నాడు. "నీ పేరు సెప్పినారు."

"నీ పేరు సెప్పీసినాను మావా."

అతను చేతిలో ఉన్న సంచి మూల పట్టుకుని తిప్పి చూశాడు.

"ఆ నవ్వు అందుకేనేటి?"

"ఊఁ."

పురి చివర తడిచేసి దబ్బనంలోకి ఎక్కించాడు.

"ఎంత ఎత్తు మీంచి పడేసినారట?"

"సెప్పలేదు."

"అడగొద్దేటే? మనిషెత్తు మీంచా, మేడ మీంచా? మూడో కుట్టు కావాలేమో తెలవాలి గదా." తర్వాత, "రేపు మరిడమ్మోళ్ల బండి కట్టమను. నానే అడుగుతాను," అన్నాడు.

తెల్లారేసరికి వెనక గేటు తిరునాళ్లలా ఉంది. ముసలివాళ్లు, ఆడపిల్లలు, మరిడమ్మ అత్త. అందరి చేతుల్లోనూ దబ్బనాలే. ఎవరి బిళ్ల ఎవరికి రాయాలో తెలియక గుమాస్తా తల గోక్కుంటున్నాడు. లక్ష్ముడు ఎడ్లబండిలోనే కూర్చుని సంచి కుట్టాడు. నిన్న నవ్విన నేతవాళ్లు ఇద్దరు దగ్గరికొచ్చి మూల కుట్టు తడిమి చూసి వెళ్లారు. జగన్నాధంగారు సంచి మూల రెండు చేతులా పట్టుకుని గుంజాడు.

"ఎంతెత్తు మీంచి పడేసినారు బాబూ?" అని అడిగాడు లక్ష్ముడు.

జగన్నాధంగారికీ తెలీదు. కనుక్కుని చెబుతానన్నాడు. నరసింగరావుగారు ఆడవాళ్ల షెడ్డు వైపు ఒకసారి, బయటి వరండా వైపు ఒకసారి చూశాడు. ఏదీ తేలక, "ముందు లోపలికి పోనీ," అన్నాడు. బండి కదిలింది. పేరు మారిన రేకుబిళ్ల లక్ష్ముడి మెడలో ఉంది.

కూర్మమ్మ బండి వెనకే నడిచింది. నెత్తి మీద పెట్టుకునే చుట్టకుదురు అలవాటుగా చేతిలో ఉంది. గేటు మనిషి కొత్తవాడు, చెయ్యి అడ్డం పెట్టాడు.

"బిళ్లేదమ్మా? నువ్వెవరు?"

మిల్లు కూర్మమ్మనని చెబుదామనుకుంది, కానీ ఆ మాట ఇప్పుడు నిజమో కాదో తెలియలేదు.

"అదిగో, ఆ బండిలో ఉన్నాడే," అంది చివరికి. "ఆయన మనిషిని."